చేతి పనికి మనిషిని పెట్టుకోవాలంటే ఎంత ఆదాయం ఉండాలి?

ప్రశ్న: అక్కా, మాది కడప, ఎర్రముక్కపల్లి. ఆరేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. లైనింగ్ జాకెట్‌కు 400 తీసుకుంటాను. లైనింగ్, దారం, హుక్కులు నావే, వాటికి 80 పోతుంది. పెళ్లిళ్ల రోజుల్లో రోజుకు నాలుగు కుడతాను. పడుకునేసరికి రాత్రి పన్నెండు. అప్పుడు నెలకు 30 వేలు మిగులుతుంది, ఆషాఢం, పుష్యం వస్తే 8 వేలు కూడా కష్టం. ఎదురింటి అమ్మాయి మధ్యాహ్నాలు నాలుగు గంటలు వచ్చి హెమ్మింగ్, హుక్కులు చేసిపెడతానంటోంది, నెలకు 5 వేలు అడుగుతోంది. మా ఆయన "మనకే చాలకపోతే ఇంకొకరికి జీతమా?" అంటారు. అత్తమ్మేమో పక్కింట్లో ఏడో తరగతి చదివే పిల్లను సాయంత్రాలు కూర్చోబెట్టుకోమంటుంది. పోయినేడు మా ఆడపడుచు కూతురికి, ఒక పెళ్లివారి పట్టు జాకెట్ పెళ్లి ముందు రోజు రాత్రి హెమ్మింగ్‌కు ఇస్తే దారం పైకి కనిపించేలా కుట్టింది. ఆ ఇంటివాళ్లు మళ్లీ రాలేదు. ఇప్పుడు ఆషాఢం మొదలైంది, చేతిలో పని తక్కువ. శ్రావణం మూడో వారానికి ఒక పెళ్లివారు 24 జాకెట్లు అడుగుతున్నారు. ఒప్పుకోవడానికి భయంగా ఉంది. నెలకు ఎంత వస్తుంటే మనిషిని పెట్టుకోవచ్చో చెప్పండి.
– ఒక సోదరి, కడప

జవాబు: అమ్మా, ఇంత ఆదాయం ఉంటే పెట్టుకోవచ్చు అనే లెక్క మీ పనిలో కుదరదు. నెలకు 40 వేలు సంపాదించే దర్జీకి కూడా ఇంకొకరి చేతిలో పెట్టగలిగిన పని లేకపోతే మనిషి దండగ. 12 వేలు వచ్చే ఆమెకు రోజులో సగం హుక్కులు, కాజాలకే పోతుంటే మనిషి అవసరం. అందుకని ముందు గడియారం చూద్దాం.

ఒక లైనింగ్ జాకెట్‌కు చేయి తిరిగినవాళ్లకు సుమారుగా ఇంత పడుతుంది. కొలతలు, మెడ ఎలా కావాలో మాట్లాడటం 10 నిమిషాలు. గుడ్డ, లైనింగ్ కలిపి కటింగ్ 25 నిమిషాలు. మిషన్ మీద గంటంబావు. హెమ్మింగ్, హుక్కులు, కాజాలు 40 నిమిషాలు. ఇస్త్రీ చేసి కవర్‌లో పెట్టడం మరో 10. మొత్తం 160 నిమిషాలు. నాలుగు జాకెట్లకు 10 గంటల 40 నిమిషాలవుతుంది. మధ్యలో వంట, పిల్లలు, వచ్చిపోయేవాళ్లు ఉంటారు కనుక పన్నెండు అవుతుందంటే ఆశ్చర్యం లేదు. మీ చేతికి ఎంత పడుతుందో రెండు మూడు రోజులు టైం రాసుకుని చూడండి. నా అంకెలకు, మీ అంకెలకు తేడా ఉంటే మీవే తీసుకుని ఈ కింది లెక్క మళ్లీ వేయండి.

ఇందులో ఇంకొకరికి ఇవ్వగలిగినవి ఆ 40 నిమిషాలే. ఎదురింటి అమ్మాయి అడిగిన 5 వేలను 25 పని రోజులకు పంచితే రోజుకు 200, గంటకు 50. జాకెట్‌కు ఇంత అని మాట్లాడుకుంటే, చేతి పనికి 40 రూపాయలు ఇస్తారనుకుందాం. మీ అంత వేగం వచ్చాక ఆమెకు గంటకు 60 పడుతుంది. అంటే మీరు మీ గంటనొకదాన్ని 60 రూపాయలకు తిరిగి కొనుక్కుంటున్నారు. ఆ గంటలో మీరేం సంపాదిస్తారు? జాకెట్‌కు ఖర్చులు పోను మీకు మిగిలేది 320. చేతి పని 40 తీసేస్తే 280. మీ వంతుకు మిగిలే పని రెండు గంటలు. అంటే గంటకు 140. 60కి కొన్నది 140కి పోతుంది, కానీ ఆ గంటలో కుట్టడానికి ఇంకో జాకెట్ చేతిలో ఉంటేనే.

దాన్నే రోజు లెక్కలో చూద్దాం. నాలుగు జాకెట్ల చేతి పని ఆమెకిస్తే మీకు 160 నిమిషాలు మిగులుతాయి. అందులో రెండు గంటలు పెట్టి ఐదో జాకెట్ కుట్టారనుకోండి. ఐదు జాకెట్ల మీద 1,600 మిగిలితే అందులో 200 ఆమెకు. మీకు 1,400. ఇదివరకు నాలుగింటికి 1,280 మిగిలేది. కాబట్టి రోజుకు పెరిగేది 120 రూపాయలు, తగ్గేది 40 నిమిషాల శ్రమ. ఇంతేనా అనిపిస్తుంది కదా. నిజంగా ఇంతే. మనిషిని పెట్టుకోగానే ఆదాయం రెట్టింపు అవుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. కటింగ్, మిషన్ మీ చేతుల్లోనే ఉన్నంత కాలం రోజుకు ఐదు దాటడం కష్టం. ఆరు కుట్టాలంటే మీ పనే 12 గంటలవుతుంది.

ఐదోది కుట్టకుండా నాలుగుతోనే ఆగిపోవడం ఇంకో దారి. అప్పుడు రోజుకు 160 ఇచ్చి, 2 గంటల 40 నిమిషాలు ముందే పని ముగించి పడుకుంటారు. ఆదాయం నెలకు 4 వేలు తగ్గుతుంది. నడుము నొప్పి, కళ్ల మంటలు మొదలైనవాళ్లకు అది తప్పుడు ఖర్చేమీ కాదు. మీ ఆయనకు మాత్రం ఈ మాట ముందే చెప్పండి. ఆదాయం పెంచడానికని పెట్టి నిద్రకు వాడుకుంటే నెల తిరిగేసరికి ఇంట్లో గొడవ.

ఇక ఆ ఐదో జాకెట్ రోజూ ఉంటుందా అన్నది అసలు సంగతి. దీనికి జ్ఞాపకం పనికిరాదు. మాఘంలో, వైశాఖంలో వెనక్కి పంపిన ఆర్డర్లు బాగా గుర్తుంటాయి, పుష్యంలో ఖాళీగా కూర్చున్న రోజులు గుర్తుండవు. ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ రోజు ఎన్ని ఒప్పుకున్నారు, ఎన్ని వద్దన్నారు, ఎన్ని చెప్పిన రోజుకు ఇవ్వలేకపోయారు రాయండి. వద్దన్నవాటి పక్కన కారణం కూడా రాయండి. టైం లేక వద్దన్నారా, రేటు ఎక్కువని వాళ్లే వెళ్లిపోయారా, మగ్గం వర్క్ అడిగితే మీరు చేయక పంపేశారా? మొదటి కారణానికే ఈ మనిషి మందు. మిగతా రెండింటికీ ఎంతమందిని పెట్టుకున్నా లాభం లేదు. శ్రావణం నుంచి కార్తీకం దాకా రాస్తే వరలక్ష్మీ వ్రతం, దసరా, దీపావళి, తర్వాత పెళ్లి ముహూర్తాలు అన్నీ వస్తాయి. కడపలో రంజాన్ పని కూడా చిన్నది కాదు, అయితే అది ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కనుక దాని నెల విడిగా చూసుకోవాలి.

టైం లేక వద్దన్నవి, ఆలస్యమైనవి కలిపి రోజుకు ఒకటి చొప్పున, అదీ ముహూర్తాల వారంలోనే కాకుండా మామూలు వారాల్లో కూడా కనిపిస్తే మనిషికి వేళైనట్టే. ముహూర్తాల్లోనే కనిపిస్తే మీకు కావలసింది ఆ వారాలకు మాత్రం చేయి సాయం.

ఇప్పుడు జీతం సంగతి. నెలకు 5 వేలను 40తో భాగిస్తే 125. నెలకు 125 జాకెట్లు, అంటే రోజుకు ఐదు, మీ ఇంటినుంచి బయటకు వెళితేనే నెల జీతం, జాకెట్ లెక్క సమానమవుతాయి. ఆషాఢంలో మీరు రోజుకు ఒకటి కుడితే నెలకు 25. వాటి చేతి పనికి వెయ్యి రూపాయలు చాలు, కానీ జీతం 5 వేలే ఇవ్వాలి. ఆ నెల మీకు మిగిలే 8 వేలలోంచి 5 వేలు తీసి ఇవ్వగలరా? ఇవ్వలేరు. మొదటి ఏడాది నెల జీతం మాట ఇవ్వొద్దని నేననేది అందుకే. మాట ఇచ్చి పుష్యంలో "రేపటినుంచి రావద్దులే" అంటే ఎదురెదురు ఇళ్లలో మొహాలు చూసుకోలేరు.

అయితే జాకెట్ లెక్కలో ఆ అమ్మాయికి ఒక ఇబ్బంది ఉంది, దాన్ని కూడా చూడాలి. ఆమె 5 వేలు అడుగుతున్నది ఎందుకంటే నెలకు ఇంత అని ఇంట్లో లెక్క చెప్పుకోవాలి. పని లేని నెలలో వెయ్యి చేతిలో పెడితే ఆమె వేరే పని చూసుకుంటుంది. సీజన్ వచ్చేసరికి మీకు నేర్పిన మనిషి ఉండదు. దీనికి మధ్యేమార్గం, ఏ నెలైనా 1,500కు తగ్గకుండా ఇస్తానని, పని ఉన్న నెలల్లో జాకెట్‌కు 40 చొప్పున ఎంతైతే అంత ఇస్తానని చెప్పడం. ఆషాఢం, పుష్యం రెండు నెలలకు కలిపి 3 వేలు సీజన్ డబ్బుల్లోంచి ముందే పక్కన పెట్టుకోండి. ఆ 3 వేలు పక్కన పెట్టలేని పరిస్థితి అయితే మనిషిని పెట్టుకునే రోజు ఇంకా రాలేదు. డబ్బు వారం వారం ఇవ్వండి. నెలాఖరున ఎన్ని జాకెట్లు చేసిందో ఇద్దరికీ రెండు లెక్కలు గుర్తుంటాయి.

మొదట్లో ఆమెకు ఒక జాకెట్‌కు గంట పైనే పడుతుంది. అప్పుడు 40 అంటే గంటకు 40 కూడా రాదు. నేర్చుకునే రెండు వారాలు రోజుకు ఇంత అని ఇచ్చి, చేయి ఆడాక జాకెట్ లెక్కకు మార్చడం న్యాయం. ఆ రెండు వారాలూ మీకు లాభం ఏమీ ఉండదు. ఒక్కో జాకెట్ చూసి, తప్పుంటే విప్పించి, మళ్లీ చూపించడానికి మీ టైమే పోతుంది.

మనిషి అవసరం లేని దారి ఒకటి ఉంది, రేటు పెంచడం. 400ను 450 చేస్తే రోజుకు నాలుగింటి మీద 200 ఎక్కువ వస్తుంది. ఐదో జాకెట్ కుట్టి, ఇంకొకరికి నేర్పి, లెక్కలు రాసి సంపాదించేది రోజుకు 120 అని పైన చూశాం. 50 పెంచితే కొందరు వెళ్లిపోతారు, నిజమే. వందలో 13 మంది వెళ్లిపోయినా మీకు మిగిలేది ఇప్పుడున్నంతే ఉంటుంది, పని తగ్గుతుంది. సీజన్లో మీరు ఎలాగూ కొందరిని వెనక్కి పంపుతున్నారు, కనుక వెళ్లినవాళ్ల చోటు నిండుతుంది. పని లేని నెలల్లో మాత్రం దెబ్బ తగులుతుంది, అప్పుడు వెళ్లినవాళ్ల బదులు వచ్చేవాళ్లుండరు. అలా భయమైతే రేటు అట్లే ఉంచి, మూడు రోజుల లోపల కావాలన్నవాళ్ల దగ్గర అర్జెంటుకు 100 అదనంగా తీసుకోండి. వై.వి. స్ట్రీట్‌లో చీర కొని రేపటికే జాకెట్ కావాలనేవాళ్లు ఆ వందకు వెనకాడరు. నేనైతే ముందు ఇది చేసి, అప్పటికీ పుస్తకంలో వద్దన్న ఆర్డర్లు తగ్గకపోతే మనిషి దగ్గరకు వస్తాను.

పోయినేడు జరిగిన దానికి మీ ఆడపడుచు కూతురిని తప్పుపట్టకండి. పెళ్లి ముందు రోజు రాత్రి, విప్పి కుట్టడానికి టైం లేనప్పుడు, చేతికి మొదటిసారి పట్టు జాకెట్ వచ్చింది. హెమ్మింగ్‌లో దారం పైకి కనిపించిందంటే సూది పైగుడ్డను దాటిందన్నమాట. లైనింగ్ జాకెట్‌లో సూది లైనింగ్‌నే పట్టాలి, పైగుడ్డ జోలికి పోకూడదు. లైనింగ్ లేనిచోట ఒకటి రెండు పోగుల కంటే ఎక్కువ ఎత్తకూడదు. ఇది మాటల్లో చెబితే రాదు, పక్కన కూర్చుని చేయిస్తేనే వస్తుంది. అందుకే మనిషిని పెట్టుకునేది తర్వాత తేల్చుకున్నా, నేర్పాల్సింది మాత్రం ఇప్పుడే, ఆషాఢంలో. సీజన్లో మనిషి కావాలనిపిస్తుంది, కానీ నేర్పే తీరిక ఉండదు. తీరిక ఉన్నప్పుడు మనిషి అక్కర్లేదనిపిస్తుంది. చాలామంది దర్జీలు ఏళ్ల తరబడి ఒంటరిగా ఉండిపోయేది ఇక్కడే.

మొదట మీ పాత జాకెట్లు, మిగిలిన గుడ్డ ముక్కలు ఇవ్వండి. తర్వాత మీ ఇంటివాళ్లవి, ఆ తర్వాత మామూలు కాటన్ జాకెట్లు. పట్టు చివర. ప్రతి జాకెట్‌నూ మడిచే ముందు మూడు చూడండి. పైగుడ్డ వైపు వెలుతురులో పట్టుకుంటే హెమ్మింగ్ దారం కనిపిస్తుందా? హుక్కును వేలితో గట్టిగా లాగితే కదులుతుందా? హుక్కులన్నీ పెట్టాక మెడ దగ్గర రెండు అంచులు సమానంగా ఉన్నాయా, ఒకటి పైకి, ఒకటి కిందికి పోయిందా? మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు, కట్టుకున్నాక మొదట కనిపించే లోపం అదే. వరుసగా పది జాకెట్లు ఈ మూడింట్లో తప్పు లేకుండా వస్తే పట్టు ఇవ్వొచ్చు. చీర ఫాల్ కూడా అప్పగించొచ్చు, ఫాల్ గుడ్డను ముందు నీళ్లలో నానబెట్టి ఆరబెట్టి ఇస్త్రీ చేశాకే కుట్టాలని చెప్పండి, లేకపోతే మొదటి ఉతుకుకే చీర అంచు ముడుచుకుపోతుంది.

కటింగ్ మాత్రం ఇవ్వొద్దు, కనీసం మొదటి ఏడాది. చెడిన హెమ్మింగ్ పావుగంటలో విప్పొచ్చు. పట్టుచీరలోంచి కోసిన జాకెట్ ముక్కను తప్పుగా కత్తిరిస్తే మళ్లీ దొరకదు. రేపు ఆమె పని నేర్చుకుని ఎదురింట్లోనే మిషన్ పెడుతుందేమోనన్న అనుమానం మీకు వచ్చే ఉంటుంది. హుక్కులు కుట్టినంత మాత్రాన దర్జీ కాలేదు. అయినా నేర్చుకునే తెలివి ఉన్న మనిషి ఎప్పటికైనా నేర్చుకుంటుంది, ఆపలేరు. కొలతల పుస్తకం మీ దగ్గర ఉంచుకోండి, అంతకు మించి చేయగలిగింది లేదు.

ఆమె మీ ఇంటికి రావాలా, పని తన ఇంటికి పట్టుకెళ్లాలా అన్నది కూడా తేల్చుకోండి. తీసుకెళితే మీ గదిలో చోటు మిగులుతుంది, ఆమె తీరిక చూసుకుని చేస్తుంది. కానీ గుడ్డ మీ కళ్లముందు ఉండదు. పసుపు మరకో, పిల్లల చేతి మరకో పడితే జవాబు చెప్పాల్సింది మీరే. మామూలువి పంపి, పట్టువి మీ ఇంట్లోనే కుట్టించడం మేలు.

ఏడో తరగతి పిల్ల సంగతికి చర్చ అక్కర్లేదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనికి పెట్టుకోవడం నేరం. 1986 నాటి చట్టాన్ని 2016లో ఇంకా గట్టి చేశారు. సొంత ఇంటి పనికి ఉన్న మినహాయింపు పక్కింటి పిల్లకు వర్తించదు. అత్తమ్మకు ఇదే చెప్పండి. ఇక ఒక్క మనిషిని పెట్టుకుంటే పీఎఫ్, ఈఎస్ఐ అంటూ తిరగాలేమోనన్న భయం ఉంటే అది వద్దు. అవి మామూలుగా పది, ఇరవై మంది పనిచేసే చోట్ల మొదలవుతాయి.

మీ ఆయన ప్రశ్నకు నేనిచ్చిన లెక్కలోనే జవాబు ఉంది, కాగితం మీద వేసి చూపించండి. కాకపోతే ఆయన మాటలో కొంత నిజం ఉంది. పుష్యంలో 5 వేల జీతం అయితే ఆయన చెప్పిందే రైటు.

చివరికి ఆ 24 జాకెట్లు. దీని కోసమే మనిషిని పెట్టుకోవాలని ఆదరాబాదరా నిర్ణయించకండి. శ్రావణంలో మీకు రోజుకు నాలుగు ఎలాగూ ఉంటాయి, ఇవి దానిమీద వచ్చేవి. కానీ ఇప్పుడు ఆషాఢం, మీ మిషన్ ఖాళీ. పెళ్లివారిని అడగండి, గుడ్డ ఇప్పుడే ఇవ్వగలిగినవి ఎన్ని? ఆషాఢంలో పెళ్లి బట్టలు కొనరు కానీ, ఇంటి ఆడవాళ్లకు ఉన్న చీరలు, డిస్కౌంట్ సేల్‌లో తెచ్చుకున్నవి ఉంటాయి. అలాంటివి పది ఇప్పుడే చేతికి వస్తే ఈ నెలలోనే మీరొక్కరే అయినా కుట్టేయగలరు. ఎదురింటి అమ్మాయి చేతికి పట్టు కాని జాకెట్లు దొరుకుతాయి, పని నేర్పినట్టూ అవుతుంది. మిగిలిన 14 శ్రావణంలో రోజుకొకటి చొప్పున, ఆమె చేతి పని చేస్తుంటే మూడో వారం మొదట్లోకి అవుతాయి. పెళ్లికూతురి జాకెట్లు మాత్రం మొదటినుంచి చివరిదాకా మీరే చేయండి.

ఆ అమ్మాయి రెండు వారాల్లో కుదురుకోకపోతే పెళ్లివారికి ఆషాఢం దాటకముందే చెప్పేయండి, ఇప్పుడిచ్చిన పది, పెళ్లికూతురివి నేను కుడతాను, మిగతావి వేరేచోట చూసుకోండి అని. ముందే చెబితే వాళ్లకు వేరే దర్జీ దొరుకుతుంది. గుడ్డ తీసుకునే రోజే సగం డబ్బు అడ్వాన్స్ తీసుకోండి, ఏ తేదీలోగా గుడ్డ ఇస్తే ఏ తేదీకి జాకెట్ ఇస్తారో రసీదు వెనక రాసివ్వండి.